అన్ని టికెట్లూ కొనేస్తే జాక్‌పాట్ గ్యారంటీనే, లాభం మాత్రం కాదు: ఒక సిండికేట్ ప్రతిపాదన లెక్క

నేను హనుమకొండలో ట్యాక్స్ కన్సల్టెంట్‌ని. నా క్లయింట్లలో ఎక్కువమంది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి వ్యాపారం చేసేవాళ్లు. 2025 ఆగస్టు చివరి వారంలో వాళ్లలో ఒకాయన, మిర్చి కమిషన్ ఏజెంట్, ఫోన్లో ఒక పీడీఎఫ్ పట్టుకుని వచ్చాడు. వాళ్లబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడి స్నేహితుల గ్రూపులో తిరిగిన కాగితం అది. అమెరికాలో పవర్‌బాల్ లాటరీ చాలా డ్రాలుగా ఎవరికీ తగలక, జాక్‌పాట్ రోల్‌ఓవర్ అవుతూ వంద కోట్ల డాలర్ల వైపు పోతోంది. అన్ని నంబర్ల కాంబినేషన్లూ కొనేస్తే జాక్‌పాట్ మనదే కాబట్టి యూనిట్‌కు 25 వేల డాలర్లు పెట్టి సిండికేట్‌లో చేరమని అందులోని సారాంశం. మన ఊరి కుటుంబాల పిల్లలు కొందరు అప్పటికే ఆసక్తి చూపించారు. తండ్రులను కూడా ఇక్కడి నుంచి డబ్బు పంపమంటున్నారు.

"టికెట్లన్నీ మనమే కొన్నంక ఇంక రిస్క్ ఏడుంటది సార్?" అన్నది ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నే. టెక్సాస్‌లో ఒక గ్రూపు సరిగ్గా ఇదే పని చేసి గెలిచిందన్న వార్త కూడా పీడీఎఫ్‌లో అతికించారు. ఆ వార్త నిజం. కాబట్టి "ఇదంతా మోసం అన్నా, వద్దు" అని పంపించేస్తే ఆయన నమ్మడు, నమ్మాల్సిన పనీ లేదు. కాగితం పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను.

చట్టం సంగతి ముందే తేల్చేశాను, ఎందుకంటే అది రెండు మాటల్లో అయిపోతుంది. లాటరీ టికెట్లు కొనడానికి ఇండియా నుంచి విదేశాలకు డబ్బు పంపడం విదేశీ మారక చట్టం ఫెమా కింద నిషేధం. 2000 నాటి కరెంట్ అకౌంట్ లావాదేవీల నియమాల మొదటి షెడ్యూల్‌లోనే ఆ మాట ఉంది. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పంపుకోవచ్చన్న ఎల్ఆర్ఎస్ వెసులుబాటు దీనికి వర్తించదు. కొడుకు ఖర్చులకని రాసి పంపి అక్కడ టికెట్లు కొంటే అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. అంటే తండ్రుల డబ్బు పక్కకు పోయింది. మిగిలింది అక్కడ సంపాదించుకునే పిల్లల డబ్బు. ఇక్కడి నుంచి లెక్క వాళ్ల కోసం.

పవర్‌బాల్‌లో 69 తెల్ల బంతుల్లోంచి ఐదు, విడిగా 26 ఎర్ర బంతుల్లోంచి ఒకటి తీస్తారు. తెల్ల ఐదింటిని 1,12,38,513 రకాలుగా ఎంచుకోవచ్చు. దాన్ని 26తో గుణిస్తే 29,22,01,338 కాంబినేషన్లు. ఒక్కోటి రెండు డాలర్లు. మొత్తం ఖర్చు 58.44 కోట్ల డాలర్లు, మన రూపాయల్లో ఐదు వేల కోట్ల పైమాటే. పీడీఎఫ్‌లో ఈ అంకె సరిగ్గానే ఉంది. దాని పక్కనే పెద్ద అక్షరాల్లో జాక్‌పాట్ వేసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలిందంతా లాభం అన్నారు.

జాక్‌పాట్ అని బోర్డు మీద వేసే అంకె చేతికి వచ్చే డబ్బు కాదు. అది ఏటేటా ఐదు శాతం పెరుగుతూ 30 వాయిదాల్లో ఇచ్చే మొత్తాల కూడిక. ఒకేసారి కావాలంటే లాటరీ వాళ్ల దగ్గర ఆ రోజు నిజంగా ఉన్న నిధి మాత్రమే ఇస్తారు. దాన్ని క్యాష్ వాల్యూ అంటారు. 2016 జనవరి 13 డ్రాలో బోర్డు అంకె 158.6 కోట్ల డాలర్లు, క్యాష్ వాల్యూ 98.35 కోట్లు. 2025 నాటికి ఈ తేడా ఇంకా పెరిగింది: 178.7 కోట్ల బోర్డుకు క్యాష్ 82.06 కోట్లే, సగం కూడా లేదు. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్నప్పుడు అదే నిధితో కొన్న బాండ్లు ముప్పై ఏళ్లలో ఎక్కువ ఇస్తాయి, కాబట్టి బోర్డు అంకె ఉబ్బుతుంది. టికెట్లకు నగదు ఈ రోజే కట్టాలి గనుక పోల్చాల్సింది క్యాష్ వాల్యూతోనే. పీడీఎఫ్ రాసినవాళ్లు ఖర్చును ఈ రోజు డాలర్లలో, రాబడిని ముప్పై ఏళ్ల డాలర్లలో వేసుకున్నారు.

సిండికేట్‌కు అనుకూలమైన అంశాలు రెండున్నాయి, వాటిని వదిలేస్తే అన్యాయం అవుతుంది. అన్ని కాంబినేషన్లూ కొన్నవాళ్లకు చిన్న బహుమతులు కూడా అన్నీ తగులుతాయి. ఎర్ర బంతి ఒక్కటే సరిపోయిన నాలుగు డాలర్ల బహుమతులే 76 లక్షల పైచిలుకు, తెల్ల ఐదూ సరిపోయి ఎర్రది తప్పిన పది లక్షల డాలర్ల బహుమతులు 25. అన్నీ కూడితే 9.35 కోట్ల డాలర్లు. రెండోది, అమ్మిన ప్రతి టికెట్‌లోంచి సుమారు 34 శాతం జాక్‌పాట్ నిధికి పోతుంది. మనమే 58 కోట్ల డాలర్ల టికెట్లు కొంటే నిధి మరో 19.9 కోట్లు పెరుగుతుంది. ఈ రెండోది పీడీఎఫ్‌లో లేదు, నేనే కలిపాను.

ఇక అసలు విషయం. అన్ని టికెట్లూ మనం కొంటే గెలిచే టికెట్ మన దగ్గర ఉంటుంది. కానీ అదే నంబర్ల టికెట్ ఇంకొకరి దగ్గర ఉండకూడదని రూలేమీ లేదు. ఉంటే జాక్‌పాట్‌ను సమానంగా పంచుతారు. మన 29 కోట్ల టికెట్లకూ ఒక వాటా, పెట్రోల్ బంకులో రెండు డాలర్లు పెట్టి ఒక్క టికెట్ కొన్నవాడికీ ఒక వాటా.

ఎంతమందితో పంచుకోవాల్సి వస్తుందన్నది మిగతా జనం కొన్న టికెట్ల సంఖ్యను బట్టి ఉంటుంది, అది రోల్‌ఓవర్‌తో పాటే ఎగబాకుతుంది. ఇది ఆయనకు విడమరచి చెప్పే పనే పడలేదు. "రేటు ఎక్కిందని పేపర్ల పడ్డ తెల్లారి యార్డుకు లక్ష బస్తాలొస్తయి సార్, గంతే కదా" అని ఆయనే అన్నాడు. గంతే.

2016 జనవరి డ్రాకు అమ్మకాల సంఖ్య తెలుసు కాబట్టి దానితో పరీక్షించాను. ఆ ఒక్క డ్రాకు 63.5 కోట్ల టికెట్లు అమ్ముడయ్యాయి. 29.22 కోట్ల కాంబినేషన్లతో భాగిస్తే ఒక్కో కాంబినేషన్‌ను సగటున 2.17 మంది కొన్నట్టు. ఈ సగటును λ అనుకుంటే, క్యాష్ నిధి Jలో మనకు సగటున వచ్చే వాటా ఇది:

```
E = J × (1 − e^(−λ)) / λ
```

λ విలువ 2.17 అయితే మన వాటా సగటున నిధిలో 41 శాతం. మన టికెట్ల వల్ల పెరిగినదాన్ని కలిపితే నిధి 118.2 కోట్లు, అందులో మనకు 48.3 కోట్లు. చిన్న బహుమతులతో 57.6 కోట్లు. ఖర్చు 58.44 కోట్లు. అప్పటి వరకు ప్రపంచం చూసిన అతి పెద్ద జాక్‌పాట్, అయినా పన్ను కట్టకముందే సగటు లెక్కలో నష్టం. నిజంగా ఆ రోజు మూడు టికెట్లకు జాక్‌పాట్ తగిలింది, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెన్నెసీల్లో. మనం అన్నీ కొని ఉంటే నాలుగో వాటాదారులం. నిధిలో నాలుగో వంతు, చిన్న బహుమతులు కలిపి సుమారు 39 కోట్లు. దాదాపు 19.5 కోట్ల డాలర్లు పోయేవి.

ఆ సూత్రం జనం నంబర్లను ఇష్టమొచ్చినట్టు, సమానంగా ఎంచుకుంటారని అనుకుంటుంది. నిజానికి చాలామంది పుట్టినరోజులు వేస్తారు కాబట్టి 31లోపు నంబర్ల మీద రద్దీ ఉంటుంది. 2016లో వచ్చినవి 4, 8, 19, 27, 34, ఎర్ర బంతి 10. ఒక్క 34 తప్ప అన్నీ క్యాలెండర్‌లో ఉన్నవే. సామాన్యుడు రద్దీ లేని నంబర్లు ఎంచుకోగలడు, అన్నీ కొన్నవాడికి ఆ అవకాశం ఉండదు. వచ్చిన నంబర్లను బట్టి పంచుకోవాల్సిందే.

మా ముందున్న డ్రాకు అమ్మకాలు ఎంతుంటాయో ముందు తెలియదు కాబట్టి సగటు చెప్పకుండా, ఎంతమందితో పంచుకుంటే ఎంత అన్నది విడివిడిగా రాసిచ్చాను. చివరికి సెప్టెంబర్ 6 డ్రాకు స్థిరపడిన 82.06 కోట్ల క్యాష్ వాల్యూతో ఆ లెక్క ఇలా వస్తుంది. మన టికెట్ల వల్ల పెరిగినదాన్ని కలిపి నిధి 102 కోట్లు. ఇంకెవరికీ తగలకపోతే చిన్న బహుమతులతో కలిపి 111 కోట్లు, అంటే సుమారు 53 కోట్ల లాభం. పీడీఎఫ్ మొత్తం ఈ ఒక్క సందర్భం మీదే నిలబడింది. ఒక్కరితో పంచుకుంటే 60.3 కోట్లు, లాభం రెండు కోట్ల కంటే తక్కువ. ఇద్దరితో పంచుకుంటే 43.3 కోట్లు, 15 కోట్ల నష్టం. ముగ్గురైతే నష్టం 23 కోట్లు దాటుతుంది.

దీని మీద పన్ను పడుతుంది, నా వృత్తి అదే కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాను. ఇండియాలో లాటరీ గెలుపు మీద 30 శాతం, దానిపైన సర్‌చార్జి, సెస్. అంతకంటే ముఖ్యంగా, గెలవడానికి పెట్టిన ఖర్చును అందులోంచి తగ్గించుకోనివ్వరు. వంద పెట్టి నూటపది గెలిస్తే పన్ను పది మీద కాదు, నూటపది మీద. సాధారణ టికెట్ కొన్నవాడికి ఇది పెద్ద తేడా కాదు, పెట్టింది రెండొందలే కాబట్టి. కొనుగోలు ఖర్చే రాబడిలో సగానికి పైగా ఉండే పథకాన్ని మాత్రం ఈ ఒక్క నిబంధన ముంచేస్తుంది. పై లెక్కలో సర్‌చార్జి వదిలేసి 30 శాతమే వేసినా, ఒక్కరితో పంచుకున్న సందర్భంలో చేతికొచ్చేది 42 కోట్లు, నష్టం 16 కోట్లు. ఎవరితోనూ పంచుకోకపోతేనే డబ్బు మిగులుతుంది.

అమెరికాలో పన్ను రెసిడెంట్లుగా ఉన్న పిల్లల పరిస్థితి కొంత నయం. అక్కడ జూదంలో పోయిన సొమ్మును గెలుపు మేరకు తగ్గించుకోవచ్చు. కానీ 2026 నుంచి పోయినదాంట్లో 90 శాతమే తగ్గించుకోనిస్తారు. అప్పుడు ఒక్కరితో పంచుకున్న సందర్భంలో నిజంగా మిగిలేది రెండు కోట్లయితే, పన్ను అధికారి దృష్టిలో ఆదాయం ఏడున్నర కోట్ల పైన ఉంటుంది. పై స్లాబు 37 శాతం వేస్తే పన్నే లాభాన్ని మించిపోతుంది.

ఇదంతా అన్ని టికెట్లూ కొనగలిగితే కదా. జాక్‌పాట్ రోల్‌ఓవర్ అయిందని తెలిసేది డ్రా అయ్యాకే. బుధవారం రాత్రి ఎవరికీ తగలలేదని తేలితే శనివారం రాత్రి డ్రాలోపు కొనాలి. ఉన్నది మూడు రోజులు. ఒక స్లిప్‌లో ఐదు వరుసలు వేస్తే 5.84 కోట్ల స్లిప్పులు. రాత్రింబవళ్లు ఆపకుండా ముద్రించినా సెకనుకు 225. ఒక్కో టెర్మినల్ ఐదు సెకన్లకు ఒక స్లిప్ ఇస్తుందనుకుంటే 1,100 పైచిలుకు టెర్మినల్స్ మూడు రోజులు మన కోసమే నడవాలి, కాగితం రోల్ మార్చడానికి కూడా ఆగకుండా. తర్వాత ఆ కాగితాల గుట్టలోంచి నాలుగు డాలర్ల టికెట్లను వెతికి తీసి మార్చుకోవాలి. 9.35 కోట్ల చిన్న బహుమతుల్లో 4 కోట్లకు పైగా వచ్చేది వాటి నుంచే.

కొనడం మధ్యలో ఆగిపోతే గ్యారంటీ అన్న మాటే పోతుంది. ఐర్లండ్‌లో 1992 మేలో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి లాటరీలో అప్పట్లో 36లోంచి ఆరు నంబర్లు. 19,47,792 కాంబినేషన్లు, ఒక్కోటి అర పౌండు, అన్నీ కలిపి తొమ్మిది లక్షల డెబ్బై మూడు వేల పౌండ్లు. జాక్‌పాట్ 17 లక్షలకు చేరింది. స్టీఫన్ క్లిన్సెవిచ్ అనే ఆయన సిండికేట్ కట్టి, నెలల తరబడి ముందే దాదాపు రెండున్నర లక్షల స్లిప్పులు చేత్తో నింపించి సిద్ధంగా ఉన్నాడు. లాటరీ సంస్థ పసిగట్టి ఒక్కో మెషిన్ అమ్మకానికి పరిమితి పెట్టింది, ఎక్కువగా వాడుతున్న మెషిన్లను ఆపేసింది. చివరికి 80 శాతం పైగా కొనగలిగారు, ఖర్చు సుమారు 8 లక్షల 20 వేల పౌండ్లు. అదృష్టం కొద్దీ గెలిచిన నంబర్లు కొన్నవాటిలోనే ఉన్నాయి. కానీ మరో ఇద్దరికీ తగిలింది. వాటాగా వచ్చింది 5,68,682 పౌండ్లు.

జాక్‌పాట్ ఒక్కటే చూస్తే అది నష్టమే. అయినా వాళ్లు లాభంతో బయటపడ్డారు. ఆ వారం నాలుగు నంబర్లు సరిపోయిన ప్రతి టికెట్‌కూ వంద పౌండ్లు గ్యారంటీ అని లాటరీ సంస్థే ప్రత్యేక ఆఫర్ పెట్టింది. అన్నీ కొన్నవాడికి నాలుగు నంబర్లవి 6,525 టికెట్లు పడతాయి. అంటే ఆరున్నర లక్షల పౌండ్లు, ఎవరితోనూ పంచుకోనక్కర్లేనివి. 80 శాతమే కొన్నా అందులో పెద్ద భాగం వచ్చింది. మొత్తం రాబడి సుమారు 11 లక్షల 66 వేలు. ఖర్చులు తీయకముందు మూడు లక్షల పౌండ్ల పైన మిగిలింది. వాళ్లను బయటపడేసింది రోల్‌ఓవర్ కాదు, ఆ వంద పౌండ్ల ఆఫర్. తర్వాత ఐర్లండ్ వాళ్లు బంతులు 39కి పెంచారు.

పీడీఎఫ్‌లో ఉన్న టెక్సాస్ కథ 2023 ఏప్రిల్ 22 నాటిది. అది పవర్‌బాల్ కాదు, ఆ ఒక్క రాష్ట్రంలోనే అమ్మే ఆట. 54లోంచి ఆరు, 2,58,27,165 కాంబినేషన్లు, ఒక్కోటి ఒక డాలరు. బోర్డు మీద 9.5 కోట్లు, క్యాష్‌గా ఇచ్చింది 5.78 కోట్లు. అంటే ఖర్చుకు క్యాష్ వాల్యూ రెండింతలకు పైగా ఉంది. ఒకరితో పంచుకున్నా ఖర్చు తిరిగి వచ్చేది. పైగా దేశమంతా ఎగబడి కొనే ఆట కాదు కాబట్టి పోటీ తక్కువ. దుకాణాల్లో టెర్మినల్స్ వరసగా పెట్టించి దాదాపు అన్ని కాంబినేషన్లూ ముద్రించగలిగారు. ఆ వెసులుబాటు కూడా ఇప్పుడు లేదు. దాని మీద గొడవై, ఒక్కసారికి వంద టికెట్లకు మించి అమ్మకూడదని 2025లో ఆ రాష్ట్రం నిబంధన తెచ్చింది.

నా క్లయింట్‌కు చివరికి రాసిచ్చిన నోట్‌లో నాలుగు ప్రశ్నలే ఉన్నాయి, వాళ్లబ్బాయి సిండికేట్ నడిపేవాళ్లను అడగడానికి. క్యాష్ వాల్యూతో లెక్క వేశారా? ఇంకో ఇద్దరికి తగిలితే యూనిట్‌కు ఎంత తిరిగొస్తుంది? డబ్బు సగమే పోగైతే టికెట్లు కొంటారా, వాపసిస్తారా? మూడు రోజుల్లో టికెట్లు ఏ టెర్మినల్స్ మీద కొంటారు? మూడోదాని మీద నాకు ఎక్కువ అనుమానం. సగం కాంబినేషన్లే కొన్న సిండికేట్‌ది నాణెం ఎగరేసే ఆట, అందులోనూ గెలిస్తే పంచుకోవాలి. పీడీఎఫ్ నిండా గ్యారంటీ అన్న మాటే ఉంది గానీ, డబ్బు చాలకపోతే ఏం చేస్తారన్న ఒక్క వాక్యం లేదు. అబ్బాయి అడిగితే మూడో ప్రశ్నకు "అప్పటి పరిస్థితిని బట్టి" అని జవాబొచ్చింది. అతను చేరలేదు. గ్రూపులో మిగతావాళ్లు కూడా జారుకున్నారు, సిండికేట్ కట్టనేలేదు.

సెప్టెంబర్ 6 డ్రాలో జాక్‌పాట్ ఇద్దరికి తగిలింది, మిస్సోరిలో ఒకరు, టెక్సాస్‌లో ఒకరు. చెరి 41 కోట్ల డాలర్లు. సిండికేట్ ఉండి ఉంటే మూడో వాటాదారు, పై లెక్కలోని 15 కోట్ల నష్టం.

డిసెంబర్‌లో ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. క్రిస్మస్ ముందు రోజు డ్రాలో 180 కోట్ల డాలర్లు దాటిన జాక్‌పాట్ ఆర్కాన్సాలో ఒక్క టికెట్‌కే తగిలింది. "ఈసారైతే మిగులుతుండె కద సార్" అన్నాడు. ఆ ఒక్క టికెట్ ఎలాగూ ఉంటుంది, కాబట్టి మనది సగం వాటా. క్యాష్ వాల్యూ 83 కోట్ల పైచిలుకు, మన టికెట్ల వల్ల పెరిగేది కలిపి అందులో సగం 51.7 కోట్లు, చిన్న బహుమతులతో 61 కోట్లు. పెట్టుబడి 58.44. పన్నుకు ముందు మిగిలేది రెండున్నర కోట్లు, అంటే నాలుగున్నర శాతం, అదీ ఐదున్నర కోట్లకు పైగా స్లిప్పులు టైముకు ముద్రించగలిగి, ఒక్క నాలుగు డాలర్ల టికెట్ కూడా పారేసుకోకపోతే. ఇంకొక్కరు అవే నంబర్లు వేసి ఉంటే నష్టం 14 కోట్లు దాటేది.